తెల్లవారుజాము కలే ఎందుకు గుర్తుంటుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. రాత్రి పదకొండుకి పడుకుని ఉదయం ఆరుకి లేస్తాను. రెండు నెలల కిందట మా నాన్నగారికి గుండెకి స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. మొన్న తెల్లవారుజామున ఆయన చనిపోయినట్టు కల వచ్చింది. నాలుగున్నరకి పక్కింటివాళ్లు నీళ్ల మోటార్ వేస్తే ఆ చప్పుడుకి ఏడుస్తూ లేచాను. మా అత్తయ్య “ఆ వేళ వచ్చిన కల నిజమవుతుంది, ఎవరికీ చెప్పకు” అన్నారు. అప్పటినుంచి రోజూ ఆ టైంకే మెలకువ, ఏదో ఒక చెడ్డ కల. అసలు కలలు ఎందుకొస్తాయి? తెల్లవారుజామునే ఎందుకు? నిజమవుతాయా? – ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం:

మీరు దేనికి భయపడుతున్నారో ముందు దాని సంగతి చెప్పి తర్వాత సైన్స్‌లోకి వెళ్తాను. మీ నాన్నగారి గుండె ఎలా ఉందో ఆ కలకి తెలియదు. నిద్రపోతున్న మీ మెదడు దగ్గర ఆయన ఈసీజీ లేదు, రిపోర్టులు లేవు, ఉన్నదల్లా రెండు నెలలుగా మీరు మోస్తున్న భయమే, దానితోనే అది కథ అల్లింది. ఆయన బాగున్నారో లేదో చెప్పే సంగతులు వేరే ఉన్నాయి: నడిస్తే ఛాతీలో నొప్పో బరువో వస్తోందా, ఆయాసం పెరుగుతోందా, స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రాసిన మాత్రలు ఏ పూటా మానకుండా వేసుకుంటున్నారా. ఆ మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం నిజంగా ఉంది. ఈ రోజే ఫోన్ చేసి ఆ ఒక్క సంగతి అడగండి.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ ఊరికే అనలేదు. స్వప్నఫలాలు చెప్పే మన పాత పుస్తకాల్లో రాత్రిని నాలుగు జాములు చేసి, మొదటి జాములో వచ్చిన కల ఫలించడానికి ఏడాది పడుతుందని, చివరి జాము కల కొద్ది రోజుల్లోనే ఫలిస్తుందని రాశారు. ఫలించడం మాట అలా ఉంచండి, రాత్రి మొదట్లో వచ్చే కలకీ చివర్లో వచ్చే కలకీ తేడా ఉందని వాళ్లు గమనించారు చూశారా, ఆ గమనింపు మాత్రం సరైనదే. ఆ తేడా ఇవాళ స్లీప్ ల్యాబ్‌లో తెర మీద కనిపిస్తుంది. అది ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో రెండిటికి జవాబు దొరికినట్టే.

ల్యాబ్‌లో మేం చేసేది ఏమిటంటే, పడుకోబోయే మనిషి నెత్తి మీద మెదడు కరెంటు పట్టే ఎలక్ట్రోడ్లు, కళ్ల పక్కన చూపు కదలిక పట్టేవి రెండు, గడ్డం దగ్గర కండరాల బిగువు పట్టేవి ఇంకొన్ని అంటిస్తాం. రాత్రంతా వచ్చిన గీతల్ని 30 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చూసి ఇది ఫలానా దశ అని రాస్తాం. మెలకువ కాక మొత్తం నాలుగు దశలు. ఎన్1, ఎన్2, ఎన్3 అని మూడు, నాలుగోది కళ్లు వేగంగా కదిలే రెమ్. పాత పుస్తకాల్లో ఐదు దశలని చదివి ఉంటే కంగారుపడకండి, గాఢనిద్రని అప్పట్లో రెండు ముక్కలుగా లెక్కేసేవాళ్లు, 2007లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం వాటిని కలిపి ఒకటి చేసింది.

ఇప్పుడు మీ రాత్రినే తీసుకుందాం. పదకొండుకి పడుకున్నారు, పదకొండుంబావుకి కన్ను పట్టింది అనుకోండి. మొదటి కొద్ది నిమిషాలు ఎన్1. మెదడు తరంగాలు నెమ్మదిస్తాయి, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ తేలుతుంటాయి, ఎవరైనా పిలిస్తే “నేను నిద్రపోలేదే” అంటారు. మెట్టు తప్పి పడ్డట్టు ఒక్కసారి ఉలిక్కిపడేది కూడా ఇక్కడే. తర్వాత ఎన్2, రాత్రి మొత్తంలో దాదాపు సగం ఇదే ఉంటుంది. గీతల్లో అర సెకను, ఒక సెకను పాటు దట్టంగా ఒక కంపనం వచ్చి పోతుంటుంది, దాన్ని స్పిండిల్ అంటాం, పగలు నేర్చుకున్నది మెదడులో పదిలపడటానికీ దీనికీ సంబంధం ఉందని చాలా ప్రయోగాలు చూపించాయి. పన్నెండులోపే మీరు ఎన్3లోకి, అంటే గాఢనిద్రలోకి దిగిపోతారు. పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు, సెకనుకి ఒకటో రెండో. ఈ దశలో ఉన్నప్పుడు పక్కింటి మోటార్ వేసినా మీకు తెలిసేది కాదు. లేపితే లేచినా ఎక్కడున్నారో అర్థం కావడానికి కాస్త సేపు పడుతుంది. పిల్లలు నిద్రలో లేచి నడిచేది, కేకలు పెట్టేది ఎక్కువగా ఇందులోంచే.

పన్నెండు ముప్పావు ప్రాంతంలో నిద్ర మళ్లీ పైకి తేలి మొదటి రెమ్ వస్తుంది. అది ఐదు పది నిమిషాలే. అక్కడితో ఒక చక్రం పూర్తి, సుమారు 90 నిమిషాలు. ఇది సగటు లెక్క, కొందరికి 70, కొందరికి 120 కూడా పడుతుంది, ఒకే మనిషికి కూడా ఒక్కో చక్రం ఒక్కోలా ఉంటుంది కాబట్టి గడియారం పెట్టుకుని లెక్కేసుకోవద్దు. చక్రాలన్నీ ఒకేలా ఉండకపోవడమే ఇక్కడ అసలు విషయం. గాఢనిద్ర దాదాపు అంతా మొదటి రెండు చక్రాల్లోనే అయిపోతుంది. శరీరానికి పగలంతా పేరుకున్న నిద్ర బాకీ అక్కడ తీరుతుంది. రెండుంబావుకి రెండో రెమ్, పదిహేను నిమిషాలు అనుకోండి. మూడు ముప్పావుకి మూడోది, ఇంకొంచెం పొడుగు. ఆ తర్వాత ఎన్3 అసలు రాకపోవచ్చు, ఎన్2లోంచి నేరుగా రెమ్‌కి, రెమ్‌లోంచి మళ్లీ ఎన్2కి. నాలుగు దాటాక వచ్చే రెమ్ అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. దీనికి ఒంట్లోని గడియారం కూడా తోడవుతుంది: మామూలుగా ఆరుకి లేచే మనిషికి శరీర ఉష్ణోగ్రత నాలుగు ప్రాంతంలో అన్నిటికన్నా తగ్గుతుంది, అక్కడినుంచి తెల్లారేదాకా రెమ్ రావడానికి అన్నిటికన్నా అనువైన సమయం.

అంటే మీ పక్కింటివాళ్లు మోటార్ వేసే వేళకి మీరు ఎక్కడున్నారో చూడండి. రాత్రి మొత్తంలో పొడుగైన రెమ్ నడిచే సమయం అది, పైగా గాఢనిద్ర అయిపోయింది కాబట్టి చిన్న చప్పుడుకే మెలకువ వచ్చే సమయం కూడా. కల మధ్యలో ఉండగా లేపేశారు. అందుకే అంత స్పష్టంగా, కన్నీళ్లతో సహా గుర్తుండిపోయింది. అదే మోటార్ పన్నెండున్నరకి వేసి ఉంటే మీకు కల గుర్తుండే అవకాశం చాలా తక్కువ.

రెమ్‌లో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కల అంత భయంకరంగా ఎందుకుందో అక్కడే తెలుస్తుంది. ఈ దశని కనిపెట్టింది షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ అనే విద్యార్థి. 1951 డిసెంబర్‌లో తన ఎనిమిదేళ్ల కొడుకు ఆర్మండ్‌నే పడుకోబెట్టి కళ్ల పక్కన ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తుంటే, మంచి నిద్రలో ఉన్న పిల్లవాడి కళ్లు ఉన్నట్టుండి చకచకా కదలడం మొదలైంది. మెషీన్ పాడైందేమో అనుకున్నాడట. కాదని నిర్ధారించుకుని 1953లో గురువు నథానియల్ క్లైట్‌మన్‌తో కలిసి ప్రకటించాడు. కళ్లు వేగంగా కదిలే నిద్ర కాబట్టి దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో రెమ్ అయింది. అదే ల్యాబ్‌లో విలియం డిమెంట్ అనే కుర్రవాడు ఇంకో అడుగు వేశాడు. పడుకున్నవాళ్లని వేరువేరు దశల్లో లేపి “కల వస్తోందా?” అని అడిగాడు. 1957లో క్లైట్‌మన్‌తో కలిసి ఇచ్చిన లెక్క ప్రకారం రెమ్‌లో లేపితే 80 శాతం సార్లు కల చెప్పారు, మిగతా దశల్లో లేపితే 7 శాతమే. ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. రెమ్ మొదలైన ఐదు నిమిషాలకో పదిహేను నిమిషాలకో లేపి, ఎంతసేపు కల కన్నావు, ఐదా పదిహేనా అని అడిగితే ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. కల క్షణంలో మెరిసిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, కల దాదాపు మెలకువలో పట్టేంత సమయమే తీసుకుంటుంది. మీరు ఆ కలలో చాలాసేపు ఏడ్చినట్టు అనిపించి ఉంటే నిజంగానే చాలాసేపు ఏడ్చి ఉండొచ్చు.

రెమ్‌లో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, కానీ అన్ని భాగాలూ కాదు. 1990ల్లో నిద్రపోతున్నవాళ్ల మెదడుని స్కాన్ చేసి చూస్తే, భయాన్నీ ఉద్వేగాన్నీ నడిపే అమిగ్డలా అనే భాగం బాగా పనిచేస్తూ కనిపించింది, “ఇదేంటి, ఇలా జరగదు కదా” అని సరిచూసుకునే ముందుభాగం చాలావరకు నెమ్మదించి ఉంది. అంటే భయం పూర్తి స్థాయిలో ఉంది, ప్రశ్నించేవాడు మాత్రం పడుకున్నాడు. మీ నాన్నగారు బాగానే తిరుగుతున్న సంగతి కలలో మీకు తట్టకపోవడానికి కారణం అదే. దీంతోపాటు మెడ కిందనుంచి ఒంట్లో కండరాలు దాదాపు అన్నీ వదులైపోతాయి, ఊపిరి తీసుకునే డయాఫ్రమ్, కళ్లని తిప్పే కండరాలు మాత్రం మినహాయింపు. మెదడు కాండం నుంచి వచ్చే ఒక ఆజ్ఞ కదలికల్ని ఆపేస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జువే పిల్లుల మీద దీన్ని తేల్చాడు: ఆ ఆజ్ఞ పుట్టే చోటుని దెబ్బతీస్తే పిల్లులు రెమ్‌లోనే లేచి, ఎదురుగా లేని దాని మీదికి దూకేవి. మెలకువ వచ్చాక ఒక నిమిషం ఒళ్లు కదలక గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం ఆ ఆజ్ఞ ఇంకా తీరకముందే మెలకువ రావడం వల్లే అని ఇప్పుడు అర్థమైంది. అది ఎప్పుడైనా మీకు జరిగితే దయ్యం అనుకుని భయపడకండి, కాసేపట్లో అదే వదిలేస్తుంది.

ఇక్కడొక దిద్దుబాటు కూడా చెప్పాలి. రెమ్ అంటే కల, కల అంటే రెమ్ అని చాలాకాలం చెప్పుకున్నారు, ఇప్పటికీ చాలాచోట్ల అలాగే రాస్తున్నారు. అది పూర్తిగా నిజం కాదు. డేవిడ్ ఫౌల్క్స్ 1962లోనే ప్రశ్న కొంచెం మార్చి, “కల వచ్చిందా?” అనకుండా “లేవడానికి ముందు మీ మనసులో ఏముంది?” అని అడిగితే మిగతా దశల్లో లేచినవాళ్లు కూడా బోలెడు చెప్పారు. అవి ఎక్కువగా చిన్నవి, ఆలోచనల్లాంటివి, కథ లేనివి, అయినా ఉన్నాయి. తర్వాత మార్క్ సోమ్స్ మెదడులో దెబ్బ తగిలిన రోగుల్ని చూసి, ముందుభాగంలో ఒక చోటో, వెనకవైపు ఇంకో చోటో దెబ్బతింటే రెమ్ మామూలుగా ఉన్నా కలలు పూర్తిగా ఆగిపోతున్నాయని చూపించాడు. 2017లో ఫ్రాంచెస్కా సిక్లారి బృందం దీన్ని ఇంకా దగ్గరగా చూసింది: ఏ దశ అయినా సరే, మెదడు వెనకభాగంలో నెమ్మది తరంగాలు తగ్గి చురుకుదనం పెరిగితే లేపినప్పుడు కల చెబుతున్నారు. కాబట్టి ఎన్2లో కూడా మీకు కలలు వస్తాయి. తెల్లవారుజామున వచ్చేవి పొడుగ్గా, బొమ్మ కట్టినట్టు, ఉద్వేగంతో ఉంటాయి, గుర్తుండే అవకాశమూ ఎక్కువ, తేడా అంతవరకే.

ఇప్పుడు నిజమవుతాయా అన్న ప్రశ్నకి వద్దాం. రాత్రికి నాలుగే రెమ్ భాగాలు, ఒక్కోదానిలో ఒక్క కల అనుకున్నా ఏడాదికి 1,460 కలలు. వాటిలో మీకు గుర్తుండేవి ఎన్ని? చాలామందికి వారానికి ఒకటో రెండో. ఆ గుర్తుండేవి ఏ వేళవి? పైన చూశాం, ఎక్కువభాగం తెల్లవారుజామువే. రాత్రి పన్నెండు ముప్పావుకి వచ్చిన కలలో ఏం జరిగిందో దాదాపు ఎవరికీ గుర్తుండదు కాబట్టి, అది తర్వాత జరిగిన దేనితోనైనా సరిపోలినా ఎవరికీ తెలియదు. కాబట్టి ఎప్పుడైనా కలకీ నిజానికీ పోలిక కుదిరితే, ఆ కల చాలావరకు తెల్లవారుజాముదే అయి ఉంటుంది, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి మన దగ్గర మిగిలినవి ఎక్కువగా అవే. తెల్లవారుజాము కలకి ప్రత్యేక శక్తి ఉన్నట్టు కనిపించేది ఇందువల్ల.

దీనికి ఇంకోటి కలపండి. గుండెకి స్టెంట్ వేయించుకున్న తండ్రి ఉన్న ప్రతి కొడుకూ కూతురూ ఆ నెలల్లో ఇలాంటి కల కనడం చాలా మామూలు. వాళ్లలో ఎక్కువమంది తండ్రులు మామూలుగా తిరుగుతూనే ఉంటారు, ఆ కలలు మర్చిపోతారు, ఎవరికీ చెప్పరు. ఏ కొద్దిమందికో తర్వాత చెడు జరిగితే “నాకు ముందే కలొచ్చింది” అని ఇంట్లో పాతికేళ్లు చెప్పుకుంటారు. మీ అత్తయ్యగారు విన్నవి ఆ రెండో రకం కథలే. మొదటి రకం ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడ చెవిన పడలేదు. మీరే ఒక పని చేసి చూడొచ్చు: గుర్తున్న కలలన్నీ తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, మూడు నెలల తర్వాత తీసి చూడండి. జరిగినవీ జరగనివీ రెండూ కాగితం మీద ఉంటే లెక్క దానంతట అదే తేలుతుంది.

మరి అసలు కలలు ఎందుకు? దీనికి ఒక్క జవాబు ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. రెమ్ నిద్ర ఒంటికి అవసరమన్నది గట్టిగానే తెలుసు, రెండు రాత్రులు దాన్ని ఆపితే మూడో రాత్రి శరీరం ఎక్కువ తీసుకుని బాకీ తీర్చుకుంటుంది. కానీ ఆ సమయంలో మనకి కనిపించే కథకి వేరే పని ఉందా లేదా అన్నది ఇంకా తేలలేదు, ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. 1977లో హార్వర్డ్‌కి చెందిన హాబ్సన్, మెకార్లీ ఇద్దరూ, రెమ్‌లో మెదడు కాండం నుంచి ఎగసే సంకేతాలకి పైమెదడు ఏదో ఒక అర్థం అతికిస్తుందని, అదే కల అని అన్నారు. ఫిన్లాండ్‌కి చెందిన ఆంటి రెవన్‌సువో 2000లో దీనికి ఎదురుగా, ప్రమాదాల్ని ముందే అభ్యాసం చేయించడానికే కలలు పుట్టాయని, అందుకే కలల్లో తరుముకోవడాలు, భయాలు అంత ఎక్కువని వాదించాడు. వినడానికి బాగుంటుంది గానీ అడవిలో బతికిన పూర్వీకుల మీద దాన్ని పరీక్షించడం కుదరదు, నాకు అది సగమే ఒప్పుదలగా ఉంది.

నాకు ఎక్కువ నమ్మకం కుదిరేది జ్ఞాపకాలకి సంబంధించిన వాదన మీద, ఎందుకంటే దాని వెనక ప్రయోగాలున్నాయి. రాబర్ట్ స్టిక్‌గోల్డ్ 2000లో కొంతమందితో టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడించి, నిద్రలోకి జారుతున్నప్పుడు ఏం కనిపిస్తోందో అడిగాడు. చాలామందికి పైనుంచి పడే ముక్కలు కనిపించాయి. వింత ఏమిటంటే, మెదడుకి దెబ్బ తగిలి కొత్త జ్ఞాపకాలు నిలవని రోగుల్లో కూడా కొందరికి అవే కనిపించాయి, ఆ గేమ్ ఆడినట్టే వాళ్లకి గుర్తు లేదు. అంటే పగటి అనుభవం నిద్రలోకి వెళ్లడానికి మనకి అది గుర్తుండాల్సిన అవసరం కూడా లేదు. 2010లో అదే బృందంలో ఎరిన్ వామ్స్లీ కంప్యూటర్‌లో ఒక చిక్కుదారుల ఆట నేర్పి, కొందరిని మధ్యాహ్నం కాసేపు నిద్రపోనిచ్చింది. ఆ ఆటకి సంబంధించిన కల చెప్పినవాళ్లు తర్వాత మిగతావాళ్లకన్నా చాలా బాగా ఆడారు. అలాంటి కల చెప్పినవాళ్లు కొద్దిమందే, పైగా అది రెమ్ కూడా కాదు, కాబట్టి దీని మీద పెద్ద మేడ కట్టలేం. కల వల్ల నేర్చుకున్నారా, లేక నిద్రలో జరుగుతున్న నేర్చుకునే పని పైకి కలగా కనిపించిందా అన్నది కూడా దీనివల్ల తేలదు. ఒక్కటి మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది: మెదడు పగటి సంఘటనని ఉన్నదున్నట్టు తిప్పి వేయదు. దాని ముక్కల్ని, ముఖ్యంగా మనసుకి పట్టినవాటిని, పాత జ్ఞాపకాలతో కలిపి కొత్తగా కూరుస్తుంది. మీ కలలో ఆస్పత్రి కారిడార్ నిజమైనదై ఉండొచ్చు, చుట్టూ చేరిన బంధువులు మీ చిన్నప్పటి ఊరివాళ్లై ఉండొచ్చు, ఇల్లు ఎప్పుడో అమ్మేసినదై ఉండొచ్చు.

భయాన్ని మెత్తబరచడానికి కూడా రెమ్ పనికొస్తుందని ఒక వాదన ఉంది. మెలకువలో కంగారుని పెంచే నోరడ్రినలిన్ రెమ్‌లో మెదడులో దాదాపు ఆగిపోతుంది, అది లేని వేళ బాధాకరమైన జ్ఞాపకం మళ్లీ తిరిగితే దాని పదును తగ్గుతుందని అంటారు. దీనికి అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఫలితాలున్నాయి. మీ విషయంలో నాకు తోచేది, ఆ పని పూర్తికాకముందే మోటార్ మిమ్మల్ని లేపేస్తోంది, లేచాక మీరు ఆ కలనే నెమరేస్తూ పడుకుంటున్నారు. ఇది నా అంచనా మాత్రమే.

ఇక చేయాల్సిన పనులు. మొదటిది ఆ నాలుగున్నర మెలకువ. చప్పుడు వల్ల మొదలైనది ఇప్పుడు ఎదురుచూపు వల్ల వస్తోంది, “మళ్లీ ఆ టైం వస్తుంది” అని నిద్రలోనే కాచుకుని ఉంటున్నారు. చెవుల్లో దూది కాదు, మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, లేదా కిటికీ మూసి ఫ్యాన్ వేగం పెంచండి. మెలకువ వచ్చినా ఫోన్ తీసి టైం చూడొద్దు. టైం చూడగానే “అదిగో, ఆ వేళే” అన్న ఆలోచన మొదలై పూర్తిగా తెలివి వచ్చేస్తుంది. కలలకి భయపడి రాత్రి ఒంటిగంటదాకా టీవీ ముందు కూర్చోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నిద్ర తగ్గించిన కొద్దీ తర్వాతి రాత్రుల్లో రెమ్ ఇంకా బలంగా వస్తుంది, కలలు ఇంకా ముదురుతాయి. ఎవరో చెప్పారని నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, కొన్ని రెమ్‌ని అణచిపెడతాయి, ఆపగానే అది పొంగుకొస్తుంది.

రెండోది ఆ కల. ఎవరికీ చెప్పకు అన్నారు కదా, నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. పీడకలలకి ఇప్పుడున్నవాటిలో బాగా పరీక్షించిన పద్ధతి కలని బయటపెట్టి మార్చుకోవడమే. అమెరికాలో బారీ క్రాకో 2001లో లైంగిక దాడికి గురై ఏళ్ల తరబడి పీడకలలతో బాధపడుతున్న స్త్రీల మీద దీన్ని పరీక్షించి, పీడకలలు బాగా తగ్గాయని చూపించాడు. చేసేది ఇదీ: పగటిపూట, పడుకునే ముందు కాదు, కలని ఒక కాగితం మీద రాయండి. భయం మొదలయ్యే చోటు దగ్గర ఆగండి. అక్కడినుంచి కథని మీకు ఇష్టం వచ్చినట్టు మార్చండి. ఉదాహరణకి, మీ కలలో ఆస్పత్రి తలుపు తెరిచి చూస్తే అందరూ ఏడుస్తున్నారు అనుకోండి, మార్చిన కథలో తలుపు తెరిస్తే నాన్నగారు మంచం మీద కూర్చుని కాఫీ చల్లారిపోయిందని నర్సు మీద విసుక్కుంటున్నారు, మిమ్మల్ని చూసి “డిశ్చార్జ్ కాగితాలు తెచ్చావా?” అన్నారు. మార్పు సహజంగా ఉండాలని రూలేమీ లేదు, అది మీ సొంతం కావాలి, అంతే. తర్వాత రోజూ పది పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని ఈ కొత్త కథని మాత్రమే ఊహించుకోండి, పాతదాన్ని తిరిగి తలచుకోవద్దు. రెండు మూడు వారాలు పట్టొచ్చు. కొత్త కథ కలలోకి అచ్చంగా రాకపోయినా పాతది రావడం తగ్గుతుంది. మొదటి రెండు రోజుల్లో కలత పెరిగినట్టు అనిపిస్తే ఆ పెద్ద కలని పక్కన పెట్టి, అంతకన్నా చిన్న చెడ్డ కలతో మొదలుపెట్టండి.

నాలుగైదు వారాలయ్యాక కూడా పీడకలలు వారానికి ఒకటి రెండు సార్లకి తగ్గకపోయినా, పగలు కూడా మనసు దేని మీదా నిలవక ఏడుపు వస్తున్నా ఒక సైకియాట్రిస్ట్‌ని కలవండి. గట్టిగా గురక పెట్టి, ఊపిరి ఆగినట్టు ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారేమో మీ ఆయన్ని అడగండి. రెమ్‌లో గొంతు కండరాలు కూడా వదులవుతాయి కాబట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తెల్లవారుజామున ముదురుతుంది, దానికి స్లీప్ టెస్ట్ చేయించాలి. అలాగే మీ ఇంట్లో యాభై దాటినవాళ్లు ఎవరైనా నిద్రలో కల ప్రకారం చేతులు విసరడం, తన్నడం, మంచం మీదనుంచి పడటం చేస్తుంటే దాన్ని అలవాటని వదిలేయకండి, కదలికల్ని ఆపే ఆజ్ఞ దెబ్బతింటే అలా జరుగుతుంది, కొందరిలో పార్కిన్సన్ జబ్బుకి అది చాలా ఏళ్ల ముందే కనిపించే గుర్తు. అలాంటివాళ్లని న్యూరాలజిస్ట్‌కి చూపించండి, ఈలోగా మంచం పక్కన పదునైన వస్తువులు, గాజు టీపాయ్ లాంటివి తీసేయండి.